81 ఏళ్ల వయసులో భార్యకు ప్రేమలేఖ: ఏం రాయాలి, ఏం వదిలేయాలి?

ప్రశ్న: నా వయసు 81, మా ఆవిడకు 75. మాది సూర్యాపేట దగ్గర పల్లె. 1970 ఎండాకాలంలో పెళ్లయింది, శ్రావణంలో చిక్కడపల్లిలో ఒక వాటా అద్దెకు తీసుకుని కాపురం పెట్టాం. ఈ ఫిబ్రవరి 14న అమ్మమ్మకు ఒక ఉత్తరం రాయమని మనవరాలు పట్టుబట్టింది. రాత్రి భోజనాల దగ్గర అందరి ముందూ తనే చదివి వీడియో తీస్తుందట. కూర్చుంటే నాలుగు పేజీలు వచ్చాయి కానీ, చదువుకుంటే ఆఫీసులో రాసిన నోటులా ఉంది. చిత్తు ప్రతి పంపుతున్నాను. ఆమెను ఏమని పిలుస్తూ మొదలుపెట్టాలి? పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. ఆమె ఏడో తరగతి దాకా చదివింది, తెలుగు బాగా చదువుతుంది. మీ పేజీ మాత్రం చూడదు, ఫోన్లో చదివే అలవాటు లేదు. ఈ వయసులో ఇదేం పని అంటుందేమోనని కొంచెం బెరుకుగా ఉంది.

జవాబు:

బాబాయిగారూ, నమస్కారం. మీ నాలుగు పేజీలూ చదివి, ఫోన్లో మాట్లాడాకే ఇది రాస్తున్నాను. మీరు ఫోన్లో చెప్పినవాటిలో రాయడానికి ఒప్పుకున్నవే ఇక్కడ వాడుకున్నాను.

ముందుగా ఆ వీడియో సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఉత్తరంలో ఏం రాయాలన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. మీ చిత్తులో రెండో పేజీలో ఒక మాట రాశారు. పెళ్లయిన ఏడాది ఆషాఢంలో పిన్నిగారు పుట్టింట్లో ఉన్నప్పుడు మీరు రెండు ఇన్‌లాండ్ లెటర్లు రాశారు. రెంటిలోనూ "ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీ అందరి క్షేమం తెలుపగలరు" తప్ప ఇంకేమీ లేదు. ఎందుకని అడిగితే ఫోన్లో మీరే చెప్పారు: ఆ ఉత్తరాన్ని మామగారు చించి, అరుగు మీద కూర్చుని అందరికీ వినపడేలా చదువుతారని మీకు తెలుసు. పోస్టుమ్యాన్ అందించేది ఇంటి పెద్ద చేతికే. భార్యకు రాసిన ఉత్తరం ఊరి ఉత్తరమైపోయేది. మీ తరంలో చాలామంది మగవాళ్ల చేత క్షేమ సమాచారాలు తప్ప ఇంకేమీ రాయనివ్వకుండా చేసింది ఆ అరుగే.

ఇప్పుడు భోజనాల బల్ల దగ్గర మనవరాలు చదివి, కొడుకూ కోడలూ అల్లుడూ వింటూ, ఒకరు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తుంటే, అదీ అరుగే. మీ చిత్తు ఆఫీసు నోటులా తయారవడానికి కారణం మీ ఉద్యోగం కాదు. రాస్తున్నంతసేపూ మీ చెవిలో మనవరాలి గొంతు వినపడుతూ ఉంది. అందుకే ప్రతి పేరాలోనూ పిల్లల పేర్లు, వాళ్ల చదువులు, ఎవరి పెళ్లి ఎప్పుడైందీ వచ్చి చేరాయి. ఎవర్నీ మరిచిపోయారనిపించుకోకూడదని మీ జాగ్రత్త.

కాబట్టి మనవరాలికి మెల్లగా చెప్పండి: "ఉత్తరం రాస్తాను తల్లీ, కానీ అమ్మమ్మ చేతికే ఇస్తాను. చూపించాలో వద్దో తన ఇష్టం." కావాలంటే ఆ పిల్ల కేకు తెచ్చుకోనివ్వండి, ఫొటోలు తీసుకోనివ్వండి. ఉత్తరం మాత్రం వాటి మధ్యలోకి రాకూడదు. యాభై అయిదేళ్ల కాపురంలో మీరు పిన్నిగారికి రాసే, ఇంకెవరూ చదవని మొదటి ఉత్తరం ఇదే అవుతుంది.

ఇక చిత్తులోకి వెళదాం. మొదటి రెండు పేజీలు ఇలా నడిచాయి: మీ పెళ్లి తేదీ, చిక్కడపల్లి ఇంటి అద్దె నెలకు 40 రూపాయలు, సైఫాబాద్ ఆఫీసుకు వెళ్లే దారి, జీతం, తర్వాత బదిలీలు. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ పిన్నిగారు ఆ ఇంట్లోనే ఉన్నారు కదా! ఆ 40 రూపాయలు పోగా మిగిలినదాంట్లో నెల గడిపింది ఆవిడే. ఆమెకు తెలిసిన సంగతిని ఆమెకే తెలియజేస్తుంటే అది నివేదికలాగే ఉంటుంది, ఎంత మంచి మాటలు కలిపినా అంతే. అప్పుడు ఏం జరిగిందో ఆమె మీకంటే బాగా చెప్పగలదు. ఆమెకు తెలియనిది ఒక్కటే: అది జరుగుతున్నప్పుడు మీకు ఏం కనిపించింది, మీరు ఏం అనుకుని బయటికి అనలేదు. మీ ఉత్తరంలో ఉండాల్సింది అదే. నాలుగు పేజీల్లో దాని కోసమే వెతికాను.

మూడో పేజీలో నుమాయిష్ కథ ఉంది. పెళ్లయ్యాక మొదటిసారి నాంపల్లి ఎగ్జిబిషన్‌కు వెళ్లడం, రద్దీలో ఆమె చెప్పు తెగిపోవడం, మీరు మీ చెప్పులు ఆమెకిచ్చి వట్టికాళ్లతో నడవడం. మంచి కథే. కానీ దాన్ని వదిలేయండి. నుమాయిష్ మామూలుగా ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది, అది మొదలైన ప్రతిసారీ మీ ఇంట్లో ఈ కథ ఎవరో ఒకరు ఎత్తుతారని మీరే అన్నారు. పిల్లలకు కంఠతా వచ్చు. అల్లుడు కూడా చెప్పగలడు. ఇన్నిసార్లు చెప్పిన కథలో మీరు చూసినదేదో, ఇంట్లోవాళ్లు కలిపినదేదో విడదీయడం కష్టం. పైగా అందులో మంచిపని చేసింది మీరు, ఆమె కాదు. ఆమెకు రాసే ఉత్తరంలో ఆమే కనిపించాలి.

దాని కిందే డబుల్ డెక్కర్ బస్సు ఉంది. పై అంతస్తులో ముందు సీట్లో కూర్చుని ట్యాంక్‌బండ్ మీదుగా సికింద్రాబాద్ వెళ్లడం. ఇది అప్పట్లో హైదరాబాద్‌లో కొత్తగా కాపురం పెట్టిన ప్రతి జంటకూ ఉన్న జ్ఞాపకమే, ఎవరి ఉత్తరంలో పెట్టినా సరిపోతుంది. అక్కడే ఇంకో చిక్కు కూడా ఉంది. "హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుణ్ణి చూస్తూ నువ్వు దండం పెట్టుకున్నావు" అని రాశారు. 1971లో అక్కడ బుద్ధుడు లేడు బాబాయిగారూ. ఆ విగ్రహాన్ని 1990లో తరలిస్తుంటే సాగర్‌లో మునిగిపోయింది, బయటికి తీసి నిలబెట్టింది 1992లో. మీరు తర్వాత ఎప్పుడో పిల్లలతో వెళ్లిన రోజు ఈ రోజుతో కలిసిపోయింది. యాభై అయిదేళ్ల కిందటి జ్ఞాపకాలు ఇలా ఒకదాని మీదికి ఒకటి జరగడం మామూలే. కానీ ఆవిడ చదువుతూ సరిగ్గా అక్కడ ఆగుతారు. "అప్పుడు బుద్ధుడెక్కడున్నాడు?" అనుకుంటారు, ఇక మిగతా మాటల మీద మనసు నిలవదు. ఒక జ్ఞాపకం అసలైనదో, తర్వాత అతుక్కున్నదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఆ క్షణంలో మీరు ఎక్కడ నిలబడ్డారు, మీ చేతిలో ఏముంది అని మిమ్మల్ని మీరు అడగండి. వెంటనే జవాబు వస్తే అది మీరు చూసినదే. బస్సు గురించి అడిగితే మీరు తడబడ్డారు, గుర్తుందా?

అలా తడబడకుండా చెప్పింది ఇంకొకటి ఉంది. అది చిత్తులో ఒకే ఒక్క వాక్యం, మూడో పేజీ అడుగున, సగం కొట్టేసి: "మా ఆవిడ చాలా తెలివైనది, ఏడాది తిరక్కుండా ఉర్దూ నేర్చుకున్నది, ఒకరోజు సందు మలుపులో ఆగి చూశాను." ఎందుకు కొట్టేశారంటే, చిన్న విషయం కదా అన్నారు. నాకు మాత్రం నాలుగు పేజీల్లోనూ ఇదే ఉత్తరం అనిపించింది. అందుకే ఫోన్లో అన్ని ప్రశ్నలు వేసి విసిగించాను.

మీరు చెప్పింది చెప్పినట్టు ఇక్కడ పెడుతున్నాను. పల్లెలో పుట్టి పెరిగిన పిన్నిగారికి ఇక్కడికి వచ్చేనాటికి తెలుగు తప్ప ఇంకో మాట రాదు. సందులోకి వచ్చే తోపుడు బండ్లవాళ్లతో ఉర్దూలోనే బేరం. అందుకని మీరే ఆఫీసు నుంచి వస్తూ కూరగాయలు తెచ్చేవారు. "నీకెందుకు, నేను తెస్తాను కదా" అనేవారు. ఆమె గుమ్మం లోపల నిలబడి వినేది. పక్క వాటాలో ఉండే ఖాలా దగ్గర ఒక్కో మాటా నేర్చుకునేది. అది మీకు తెలియదు. 1971లో ఎండలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం మీరు బస్సు దిగి వస్తున్నారు. చేతిలో టిఫిన్ క్యారియర్ సంచి. మలుపులో కరెంటు స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు వినిపించింది. ఆకుపచ్చ నేత చీర, కొంగు నడుముకు దోపుకుని, బండి పట్టుకుని నిలబడి చింతచిగురు బేరం చేస్తోంది. "ఇత్తా కైకూ? చారాణే మే దేతే క్యా?" బండివాడు ఏదో గొణిగి తూచాడు. ఆమె కదల్లేదు. చెయ్యి చాపి, "కొత్మీర్ డాలో" అంది. అతను ఒక కట్ట పైన వేశాడు. మీరు ఆ స్తంభం పక్కనే ఆగిపోయారు. ఆమె లోపలికి వెళ్లేదాకా ముందుకు రాలేదు. రాత్రి చింతచిగురు పప్పు వడ్డిస్తుంటే "ఎంతకు తెచ్చావు?" అని అడిగారు. "చారాణా" అంది. మీరు "ఊ" అన్నారు. అంతే, అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ ఊసు ఎత్తలేదు.

ఎందుకు ఆగారు అని అడిగాను. "నేను వెళ్తే తను మళ్లీ మాట్లాడటం మానేసి నా వెనక్కి వస్తుందని" అన్నారు. బాబాయిగారూ, ఈ మాట ఆమెకు తెలియదు. బేరం సంగతి ఆమెకు గుర్తుండొచ్చు, మర్చిపోయి ఉండొచ్చు. కానీ తన భర్త సందు మలుపులో ఆగి తనను చూస్తున్నాడని మాత్రం ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. దీన్ని తెలియజేయడానికే ఉత్తరం.

రాయకముందు తీసేయాల్సినవి ఇంకో మూడు ఉన్నాయి. "నా జీవనజ్యోతి, సహనమూర్తి, సహధర్మచారిణి" అన్న పేరా పూర్తిగా తీసేయండి. అవి సన్మానపత్రంలో మాటలు. రిటైర్మెంటు రోజున వేదిక మీద మిమ్మల్ని కూడా అలాంటి మాటలతోనే పొగిడి ఉంటారు, వాటిలో ఒక్కటైనా గుర్తుందా? ఏ మాటైనా రాసేముందు, ఇది పక్కింటావిడకు కూడా సరిపోతుందా అని చూడండి. సరిపోతే వద్దు.

రెండోది, మీ అమ్మగారు పిన్నిగారిని కష్టపెట్టిన రోజుల గురించి మీరు అడిగిన క్షమాపణ. అది నిజాయితీగా ఉంది, రాసినందుకు మీ మీద గౌరవం పెరిగింది. అయినా ఈ ఉత్తరంలో వద్దు. పండగలా ఇచ్చిన కాగితంలో క్షమాపణ ఉంటే, ఆమె అప్పటికప్పుడు "పోనీలెండి" అనక తప్పదు. యాభై ఏళ్ల కష్టానికి అంత తొందరగా జవాబు అడగకూడదు. దానికి ఇంకో రోజు చూసుకుని, ఎదురుగా కూర్చుని, నోటితో చెప్పండి. ఆమెకు చెప్పాలనిపించింది చెప్పనివ్వండి, కోపమొస్తే కోప్పడనివ్వండి.

మూడోది ఆఖరి పేరా: "ఇంకెన్నాళ్లుంటామో తెలియదు, ఎవరు ముందో ఎవరు వెనుకో." ఇది ససేమిరా వద్దు. ఒక్కసారి ఆవిడ వైపు నుంచి ఆలోచించండి. ఎన్నడూ క్షేమం తప్ప ఏమీ రాయని 81 ఏళ్ల భర్త ఉన్నట్టుండి మడత పెట్టిన కాగితం చేతిలో పెడితే ఆమెకు మొదట వచ్చేది టెన్షనే. ఒంట్లో బాగాలేదా? డాక్టరు ఏమైనా చెప్పాడా? ఆస్తి కాగితమా? దానికి తోడు లోపల ఈ వాక్యం కూడా కనిపిస్తే ఉత్తరం పక్కన పడేసి కొడుక్కి ఫోన్ చేస్తారు. అందుకే మొదటి వాక్యంలోనే ఆ భయం తీసేయాలి. ఈ వయసులో రాసే ప్రేమలేఖ మొదలవ్వాల్సింది అక్కడే.

పిలుపు సంగతి. పేరు రాయొద్దు. ఎన్నడూ నోట రాని పేరు కాగితం మీద కనిపిస్తే ఎవరో రాసిచ్చినట్టుంటుంది. పాతకాలపు "చి.ల.సౌ." కూడా వద్దు, అది పెద్దలు చిన్నవాళ్లకు దీవెనగా రాసే తీరు. ఇంట్లో మీరు ఆమెను "ఇగో" అని పిలుస్తారు కదా, ఫోన్లో మాట్లాడుతుండగానే రెండుసార్లు వినిపించింది. అదే రాయండి. ఆమె చదవగానే మీ గొంతు వినపడుతుంది.

కింద ఒక నమూనా ఇస్తున్నాను. నేను "చూశాను" అని రాసిన చోట మీరు ఇంట్లో "చూసిన" అంటారు. మీరు మాట్లాడినట్టే మార్చుకుని మీ చేత్తో రాసుకోండి.

*ఇగో,*

*కంగారుపడకు. నా ఒంట్లో బాగానే ఉంది, బీపీ కూడా మామూలుగానే ఉంది. మనవరాలు ఉత్తరం రాయమంది, రాస్తుంటే నీకు చెప్పని సంగతి ఒకటి గుర్తొచ్చింది.*

*ఆషాఢంలో మీ ఊరికి రాసిన ఉత్తరాలు మీ నాయన చదివి వినిపించేవాడు. అందుకే వాటిలో క్షేమం తప్ప ఏమీ రాయలేదు. ఇది నువ్వొక్కదానివే చదువుకో.*

*చిక్కడపల్లి ఇంట్లో ఉండగా, మనం వచ్చిన మరుసటి ఎండాకాలం. కూరగాయలు నేనే తెచ్చేవాణ్ణి. నీకు ఆ మాట రాదు, మోసపోతావు అనుకునేవాణ్ణి. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తుంటే సందు మలుపులో నీ గొంతు వినపడింది. నువ్వు ఆకుపచ్చ నేత చీర కట్టుకుని, కొంగు దోపుకుని, బండివాడితో చింతచిగురు బేరం చేస్తున్నావు. చారాణాకు అడిగావు. ఇచ్చాడు. తర్వాత కొత్తిమీర కూడా వేయమని చెయ్యి చాపావు. వేశాడు.*

*నేను కరెంటు స్తంభం దగ్గరే ఆగిపోయాను. నన్ను చూస్తే నువ్వు మాట్లాడటం ఆపేస్తావని రాలేదు. నువ్వు లోపలికి పోయేదాకా నిలబడి చూశాను. నాకు తెలియకుండా ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావా అనుకున్నాను. ఆ రోజు నువ్వు నాకు ఎంత నచ్చావో చెప్పాలనుకున్నాను. రాత్రి పప్పు తింటూ ఎంతకు తెచ్చావని అడిగి, ఊ అని ఊరుకున్నాను.*

*ఇప్పుడు నాకు చెవులు సరిగ్గా వినపడవు. బండివాడు ఏమన్నాడో నువ్వే చెప్తున్నావు. మొన్న గేటు దగ్గర నువ్వు మాట్లాడుతుంటే నేను వెనక కుర్చీలో కూర్చుని చూశాను. అప్పుడూ అంతే నచ్చావు.*

ఇక్కడితో నా పని అయిపోయింది. దీని కింద ఇంకా రెండు వాక్యాల చోటు ఉంటుంది. అవి నేను రాయను, మీరు నాకు చెప్పొద్దు కూడా. ఇంతదాకా రాసింది ఈ పేజీ చదివేవాళ్లందరికీ తెలిసిపోయింది కాబట్టి, ఆ రెండు వాక్యాలైనా మీ ఇద్దరివే కావాలి. ఏం రాయాలో తోచకపోతే ఒక దారి చెప్తాను: ఆ సాయంత్రం స్తంభం దగ్గర నుంచి మీరు నిజంగానే నడిచి ఆమె దగ్గరికి వెళ్లి ఉంటే, మీ నోట్లోంచి ఏ మాట వచ్చి ఉండేదో అది రాయండి.

గమనించారా, ఇందులో ప్రేమ అన్న మాట లేదు, వాలెంటైన్ అన్న మాటా లేదు. పైన తేదీ వేయండి, ఫిబ్రవరి 14 అని. అది చాలు. "ఐ లవ్ యూ" అని రాయాలని మీకే అనిపిస్తే తప్పేం లేదు, కానీ మనవరాలు చెప్పిందని రాయకండి. నచ్చావు అన్న మాట మీ నోట ఎన్నిసార్లు వచ్చింది? పిన్నిగారు దాని దగ్గర ఆగుతారు.

ఆఖరి పేరాలో ఈనాటి సంగతి పెట్టడానికి కారణం ఉంది. మొత్తం అప్పటి రోజులే రాస్తే, చదివేవాళ్లకు లేనివాళ్లను తలుచుకుంటున్నట్టు ఉంటుంది. మీ చిత్తులో నాలుగు పేజీలూ "ఉండేదానివి, చేసేదానివి" అనే సాగాయి. ఆవిడ ఇవాళ పొద్దున కూడా గేటు దగ్గర నిలబడి బేరం చేశారు. ఆ కాస్త రాస్తే ఉత్తరం ఇప్పటి మనిషికి అందుతుంది. మొన్నటి సంగతి నేను మీ మాటల్లోంచి తీసుకున్నదే, అయితే 14 లోపు ఆమెను చూసి మీకు ఇంకేదైనా అనిపిస్తే దాన్నే అక్కడ రాయండి.

రాసే పద్ధతి గురించి కొంచెం. టైపు చేయించొద్దు. మీ చేతిరాత ఆమెకు తెలుసు, ఆ ఇన్‌లాండ్ లెటర్లలో చూసినదే. చెయ్యి వణుకుతోందన్నారు. రోజుకు ఒక పేరా చొప్పున, పొద్దున చెయ్యి కాస్త నిలకడగా ఉన్నప్పుడు రాయండి. గీతలున్న పెద్ద కాగితం తీసుకుని ఒక గీత విడిచి ఒక గీత మీద, నల్ల సిరా బాల్‌పెన్నుతో, అక్షరాలు పెద్దవిగా వేయండి. ఆమెకు శుక్లాల ఆపరేషన్ అయిందన్నారు కదా, చిన్న అక్షరాలు ఇబ్బంది పెట్టొచ్చు. ఇలా రాస్తే రెండు వైపులా కలిపి ఒక కాగితంలో సరిపోతుంది. అక్షరం వంకర పోయిందని మళ్లీ మళ్లీ సాపు రాయకండి. కొట్టివేతలు ఒకటి రెండు ఉన్నా ఫర్వాలేదు. ప్రతిసారీ సాపు రాస్తుంటే మాటలు కూడా మెల్లగా ఆఫీసు భాషలోకి జారిపోతాయి. మీకు ముప్పై ఏళ్ల అలవాటు, జాగ్రత్త.

ఎప్పుడివ్వాలి? పొద్దున వంట హడావిడిలో వద్దు, పూజకు ముందు వద్దు, టీవీ సీరియల్ వేళ అసలే వద్దు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు ఆఫీసుల్లో, కాలేజీల్లో ఉంటారు, ఇల్లు ఖాళీగా ఉంటుంది. ఆమె కళ్లద్దాలు కూడా తెచ్చి కాగితంతో పాటు ఇవ్వండి. లేకపోతే "అద్దాలెక్కడున్నాయో, మీరే చదవండి" అంటారు. అప్పుడు మీరు చదవాల్సి వస్తుంది, బెరుకుతో గబగబా చదివేస్తారు. ఇచ్చాక ఎదురుగా కూర్చోకండి. బయట వరండాలోకి వెళ్లండి. తిరిగొచ్చాక "చదివావా? ఎలా ఉంది?" అని అడగొద్దు.

ఆవిడ ఏమంటారన్న భయం గురించి. నవ్వొచ్చు. నవ్వితే నవ్వనివ్వండి, ఆ నవ్వులో ఈ వయసులో ఇదేం పని అన్న మాట కూడా ఉండొచ్చు. దానికి సంజాయిషీ ఇవ్వకండి, మనవరాలి మీదికి నెట్టకండి. ఏమీ అనకుండా కాగితం మడిచి బీరువాలో చీరల కింద పెట్టేసుకోవచ్చు. లేదా, నేను ఎక్కువగా ఊహిస్తున్నది ఇదే, "అది చింతచిగురు కాదు, గోంగూర. ఆకుపచ్చ చీర అప్పటికి నా దగ్గర లేదు" అని దిద్దవచ్చు. మీరు కొట్లాడకండి. "మరి ఏ చీర?" అని అడగండి. ఆ సాయంత్రం ఆమె వైపు నుంచి ఎలా ఉందో మీకూ ఇప్పటిదాకా తెలియదు. ఖాలా ఏం నేర్పిందో, గుమ్మం లోపల నిలబడి ఎన్నాళ్లు విన్నదో, మొదటిసారి బండి దగ్గరికి వెళ్లడానికి ఎంత ధైర్యం కూడదీసుకుందో, ఆమె చెప్తేనే మీకు తెలుస్తుంది. ఆ సాయంత్రం మిగతా పనులేమీ పెట్టుకోకండి. మీ వినికిడి యంత్రంలో బ్యాటరీ కొత్తది వేసుకోండి.